నాలుగు లక్షలా, ఐదు లక్షలా?

మా ఆఫీసులో జూనియర్ కోసం ఇంటర్వ్యూ పెట్టినప్పుడల్లా కేశవానంద భారతి ముందుగా వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. "మీరు చదివిన ఒక కేసు చెప్పండి" అనగానే పదిమందిలో ఎనిమిదిమంది అదే ఎత్తుకుంటారు. గొప్ప తీర్పే, కాదనను. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించి అడగడానికి మా మెట్లెక్కి వచ్చే పార్టీలు లేరు. వచ్చేది చెక్ బౌన్స్ కేసులు, పంపకాల దావాలు. అందుకే ఈ మధ్య చిన్న కేసు చెప్పమని అడుగుతున్నాను.

మొన్న ఒకమ్మాయి 2003 నాటి కె.ఆర్. ఇందిర వర్సెస్ డాక్టర్ జి. ఆదినారాయణ చెప్పింది. నోటీసులో చెక్కుల మొత్తం అడగకుండా అప్పు మొత్తం అడిగారు, అందుకని ఆ నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు అంది. ఆమె అక్కడితో ఆగలేదు. "మరి ఖర్చులు కూడా కలిపి అడిగితే?" అన్నాను. 2000 నాటి సుమన్ సేథీ కేసు ఎత్తింది. అక్కడ చెక్కు మొత్తాన్ని విడిగా చూపించి, ఇతర ఖర్చులు వేరే అడిగారు కాబట్టి నోటీసు నిలిచింది. రెండు తీర్పులకూ తేడా ఒక్క పేరాలో ఉందని పట్టుకున్న మనిషికి డ్రాఫ్టింగ్ సగం వచ్చినట్టే.

మిగతా సగం కాగితం మీద చూస్తాను. కల్పించిన సంగతులే ఇస్తాను. చేబదులు ఐదు లక్షలు. దాని కింద ఇచ్చిన చెక్కు నాలుగు లక్షలకు. ఖాతాలో డబ్బు లేదని చెక్కు తిరిగొచ్చినట్టు మార్చి 10న బ్యాంకు నుంచి తెలిసింది. పార్టీ మాత్రం "మొత్తం ఐదు లక్షలూ వడ్డీతో సహా అడగండి సార్, వాడు దిగొస్తాడు" అని పట్టుబడుతున్నాడు. నోటీసు రాయండి, అరగంట టైము.

చాలామంది "మా క్లయింటు పరువుగల వ్యక్తి" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపి, చివర్లో ఐదు లక్షలూ వడ్డీ కలిపి ఒకే అంకె వేస్తారు. పార్టీ సంతోషిస్తాడు, కేసు పోతుంది. నాకు కావాల్సింది ఒక్క వాక్యం: ఫలానా నంబరు, ఫలానా తేదీ చెక్కు మొత్తం నాలుగు లక్షల రూపాయలు ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా చెల్లించాలి. మిగిలిన లక్ష, వడ్డీ అడగాలనుకుంటే వేరే పేరాలో, వేరే అంకెగా ఉండాలి. లేదా సివిల్ దావాకి వదిలేయాలి.

తేదీ కూడా చూస్తాను. బ్యాంకు సమాచారం అందిన రోజు వదిలేసి 30 రోజులు లెక్కపెడితే ఏప్రిల్ 9. ఆ లోపు నోటీసు పంపాలి. ఫిర్యాదు వేయడంలో జాప్యమైతే కారణం చూపి కోర్టును క్షమించమని అడగొచ్చు గానీ, నోటీసు ఆలస్యానికి ఆ దారి లేదు. చెక్కుకు మూడు నెలల గడువు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగొస్తే కొత్త నోటీసు ఇవ్వొచ్చు. 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ తీర్పు ఆ వీలు కల్పించింది. ఇది చెప్పినవాళ్లు అరుదు.

ఇక మూడో సంగతి. కొందరు పాత ఆఫీసులో తాము రాసిన నోటీసే నమూనాగా తెస్తారు. పేర్ల మీద నల్ల ఇంకు పూసి ఉంటుంది. ఒక కుర్రాడు తెచ్చిన కాగితంలో పేరు కొట్టేశాడు, కానీ ఊరు, రైసుమిల్లు, చెక్కు నంబరు అలాగే ఉన్నాయి. ఆ ఊళ్లో ఎన్ని మిల్లులుంటాయని? చదవకుండానే తిరిగిచ్చేశాను. రేపు మా ఫైలూ ఇలాగే ఇంకో ఆఫీసుకి వెళుతుందిగా! ఊహించిన పార్టీలతో కొత్తగా రాసి తెస్తే నాకు చాలు.

పార్టీ చెప్పిన మాట బయటపెట్టకూడదన్న బాధ్యత వకాలత్ ముగిశాక కూడా పోదు. అది మన గుమాస్తాకీ వర్తిస్తుంది. పాత ఎవిడెన్స్ చట్టంలో 126, 127 సెక్షన్లలో ఉన్న ఈ సంగతి 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియం 132లో ఉంది. నంబర్లు అప్పజెప్పడం పెద్ద విషయం కాదు. అందుకే నేను మెలిక పెట్టి అడుగుతాను: "అదే పార్టీ రేపొచ్చి, పాత తేదీతో ఒక రసీదు తయారు చేసిపెట్టమంటే?" "అది కూడా రహస్యమే సార్" అని ఠక్కున అనేవాళ్లే ఎక్కువ. కాదు. చట్టవిరుద్ధమైన పని సాగించడానికి చెప్పిన మాటకు ఆ రక్షణ లేదు. రక్షణ లేదన్నాం కదా అని కోర్టు క్యాంటీన్లో చెప్పుకునే మాట కూడా కాదు. రసీదు రాయనని పార్టీకి మొహం మీద చెప్పి, ఆ సాయంత్రమే నాకు చెప్పాలి.