బటన్ దగ్గర ఆగే వేలు

ప్రకటన రాసేటప్పుడు నేను ఎక్కువసేపు కూర్చునేది చివరి మాట దగ్గరే. అంతా చదివినవాళ్లు ఇప్పుడేం చేయాలో చెప్పే మాట అది.

విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక చీరల షాపువాళ్లు ఆషాఢానికి ఫేస్‌బుక్‌లో ప్రకటన వేశారు. కింద బటన్ 'షాప్ నౌ'. ఆ బటన్ మీది మాట మనం రాసేది కాదు, ఫేస్‌బుక్ ఇచ్చే జాబితాలోంచి ఎంచుకోవాలి. చాలామందే నొక్కారు. నొక్కితే చీరల ఫొటోలే ఉన్నాయి, ధర లేదు, డబ్బు కట్టే వీలూ లేదు. కొందామని వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోయారు. నొక్కినవాళ్లు ఎక్కువై, ఆ తర్వాతి అడుగు వేసినవాళ్లు లేకపోతే నేను ముందు అనుమానించేది బటన్‌నే.

"మనుషులు షాపుకి రావాలా, చీర ఇంటికి వెళ్లాలా?" అని యజమానిని అడిగాను.

"చేత్తో పట్టుకుని చూస్తేనే మా చీర అమ్ముడవుతుందండీ" అన్నారాయన.

అయితే కావలసింది 'గెట్ డైరెక్షన్స్'. దాని పైన ఇలా రాశాం: "మంగళగిరి చీరలు ఆషాఢం ధరకే. ఆదివారం కూడా రాత్రి 9 దాకా షాపు తెరిచే ఉంటుంది. ఫోన్లో చూసి వచ్చామని చెప్పండి, ఫాల్ ఉచితంగా కుట్టిస్తాం." ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్నవాళ్లకే ప్రకటన కనబడేలా పెట్టాం. ఫాల్ మాట ఆకర్షణ కోసమే కాదు, లెక్క కోసం కూడా. షాపులోకి నడిచొచ్చిన మనిషి ఏ ప్రకటన చూసి వచ్చిందో ఫోను చెప్పలేదు, బిల్లు కౌంటర్ చెబుతుంది. ఫాల్ అడిగిన ప్రతి బిల్లు మీదా ఒక గుర్తు పెట్టమన్నాం. నొక్కేవాళ్లు తగ్గారు, గుర్తున్న బిల్లులు రోజూ కనబడసాగాయి.

అదే చీర ఆన్‌లైన్‌లో అమ్మితే 'కొనండి' సరైన మాటే. కానీ దాని పక్కనే ధర, డెలివరీ ఖర్చు, నచ్చకపోతే తిరిగి తీసుకుంటారా లేదా అన్నది ఉండాలి. యాప్ సంగతి వేరు. 'ఇన్‌స్టాల్ చేసుకోండి' అంటే ఎవరికీ ఏమీ అందదు, ఫోన్లో చోటు మాత్రం పోతుంది. అందుకే యాప్ తెరిచాక మొదట చేయగలిగే పనినే చెబుతాను: "మీ చీర ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి." ఇన్‌స్టాల్ లెక్క చూసి నేను సంతోషించను, వారం తర్వాత ఎంతమంది మళ్లీ తెరిచారో అడుగుతాను.

నంబర్ అడిగేచోటే నాకు పట్టుదల ఎక్కువ. 'రిజిస్టర్ చేసుకోండి' అంటే ఫోన్ల మీద ఫోన్లు వస్తాయని మనవాళ్లకు భయం, అది న్యాయమైన భయమే. "కొత్త చీరల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతాం, ఫోన్ చేయం" అని రాస్తాను. ఫోన్ చేయబోమని షాపువాళ్లు ముందు ఒప్పుకుంటేనే రాస్తాను.

దారీ చూపించి నంబరూ అడిగేద్దామన్నారు యజమాని. ఒక ప్రకటనలో రెండు పనులు చెబితే వేలు ఆగిపోతుంది. అందుకని నంబర్ అడిగేది విడిగా రాసి, షాపుకి రాలేని హైదరాబాద్ వాళ్లకు మాత్రమే చూపించాం.