ఎక్కడ ఆగాలి

వేసవి వచ్చిందంటే పాలకొల్లులో బదిలీల కాలం. ఆఫీసు హాల్లో నాలుగు వరసల కుర్చీలు, శాలువా, పూలదండ, ఒక మైకు. వెళ్లేవాళ్లు మనవాళ్లయితే తెలుగులో నాలుగు మాటలు చెప్పి కళ్లు తుడుచుకుంటాం. ఇప్పుడు బ్యాంకుల్లోకి ఒడిశా నుంచి, బీహార్ నుంచి, కేరళ నుంచి పిల్లలు వస్తున్నారు. మూడేళ్లు మన పక్కన కూర్చుని క్యారేజీలు పంచుకుని వెళ్లిపోయేటప్పుడు, మన మనసులో ఉన్నది వాళ్లకు తెలియాలంటే ఇంగ్లీషులోనే చెప్పాలి.

పాఠాలు చెప్పే రోజుల నుంచీ ఇలాంటి వీడ్కోలు ప్రసంగాల కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఈసారి తెచ్చింది మా వీధి అమ్మాయి. తెలుగు మీడియంలో చదువుకుని బ్యాంకులో క్లర్కుగా చేరింది. పక్క కౌంటర్లో పనిచేసే ఒడియా స్నేహితురాలికి సొంత రాష్ట్రానికి బదిలీ అయింది. "కాస్త దిద్దిపెట్టండి మాస్టారూ, తప్పుల్లేకుండా ఉంటే చాలండి" అంది. మూడు కాగితాలు, ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లో. అలా రాసుకోవడంలో తప్పేమీ లేదు. చూసి చదివేటప్పుడు స్పెల్లింగు దగ్గర తడబాటు ఉండదు.

ఇబ్బందంతా వాక్యాల్లోనే ఉంది. "ఆన్ దిస్ ఆస్పీషియస్ అకేషన్, ఇట్ ఈజ్ మై ప్రౌడ్ ప్రివిలేజ్..." అని మొదలైన మొదటి వాక్యం ఐదు లైన్లు నడిచింది. నిలబడి చదవమన్నాను. మూడో లైనులోనే ఊపిరి అయిపోయింది. తర్వాత హార్డ్ వర్కింగ్, సిన్సియర్, పంక్చువల్ అంటూ గుణాల జాబితా. "ఇందులో ఆ అమ్మాయి పేరు తీసేసి మీ మేనేజరు గారి పేరు పెట్టు. ఏమైనా తేడా వస్తుందా?" అని అడిగాను. కాసేపు చూసి, "రాదండి" అంది. వీడ్కోలు ప్రసంగానికి నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే. పేరు మార్చినా నప్పే వాక్యాన్ని కొట్టేయాలి. మూడు కాగితాల్లో మూడు నాలుగు వాక్యాలు మిగిలాయి.

కాగితం పక్కన పెట్టి, "ఆ అమ్మాయి చేసిన పని ఒకటి చెప్పమ్మా, తెలుగులోనే చెప్పు" అన్నాను. చెప్పింది. పెన్షన్ కోసం వచ్చిన ఒక ముసలమ్మ బొటనవేలు మెషీన్ మీద పడలేదట. జీవితమంతా కాయకష్టం చేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి కదా. రేపు రమ్మన్నారట. అప్పుడు ఈ స్నేహితురాలు లేచి వచ్చిందట. ఆ తర్వాత జరిగిందే ప్రసంగానికి నడుమ భాగం అయింది. ఇద్దరం కూర్చుని రాసుకున్నది ఇది. ఒక గీత ఉన్నచోట సగం ఊపిరి, రెండు గీతలున్నచోట నిండు ఊపిరి, మూడు గీతలున్నచోట మనసులో మూడు లెక్కపెట్టుకునేంతసేపు మౌనం.

"టుడే / మై ఫ్రెండ్ ఈజ్ గోయింగ్ హోమ్. // ఐ యామ్ హ్యాపీ ఫర్ హర్. // ఐ యామ్ నాట్ హ్యాపీ ఫర్ మీ. //

"వన్ డే / ఏన్ ఓల్డ్ లేడీ కేమ్ ఫర్ హర్ పెన్షన్. // ద మెషీన్ డిడ్ నాట్ టేక్ హర్ థంబ్. // వుయ్ సెడ్, / కమ్ టుమారో. // మై ఫ్రెండ్ గాట్ అప్. // షీ క్లీన్డ్ ద ఓల్డ్ లేడీస్ హ్యాండ్ / విత్ హర్ ఓన్ హ్యాండ్‌కర్చీఫ్. // షీ ట్రైడ్ ఎవ్రీ ఫింగర్. // ద లిటిల్ ఫింగర్ వర్క్‌డ్. ///

"ఫ్రమ్ దట్ డే, / వుయ్ డిడ్ నాట్ సే 'కమ్ టుమారో'. // యూ డిడ్ నాట్ టీచ్ అస్. // వుయ్ జస్ట్ సా యూ. ///

"యువర్ మదర్ ఈజ్ వెయిటింగ్ ఫర్ యూ. // గో హోమ్. // బట్ కమ్ టు అస్ ఫర్ సంక్రాంతి. // థాంక్యూ, /" ఆ తర్వాత స్నేహితురాలి పేరు.

పదో తరగతి పిల్లలకు తెలియని మాట ఇందులో లేదు. "మరీ చిన్నపిల్లల భాషలా ఉందేమోనండి" అని ఆ అమ్మాయి సందేహపడింది. 1948 జనవరి 30 రాత్రి, గాంధీజీ మరణవార్తను నెహ్రూ ఆకాశవాణిలో ఇంగ్లీషులో చెప్పాడు. కేంబ్రిడ్జిలో చదివినవాడు, ఇంగ్లీషులో పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాడు. ఆ రాత్రి కాగితం లేకుండా మాట్లాడుతూ ఆయన ఎత్తుకున్న మొదటి వాక్యంలో నిఘంటువు వెతకాల్సిన మాట ఒక్కటీ లేదు. దుఃఖంలో ఉన్న గొంతు చిన్న మాటలనే మోయగలదు. ఈ సంగతి చెప్పాక ఆ అమ్మాయికి ధైర్యం వచ్చింది.

వాక్యాలు కుదిరాక ఆగడం నేర్పడానికి ఎక్కువ సమయం పట్టింది. మనవాళ్లు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు "బికాజ్" అని ఆగుతారు, "దట్" అని ఆగుతారు, "అండ్" అని ఆగుతారు. ఇది భయంవల్ల మాత్రమే కాదు. తెలుగులో "కాబట్టి", "అని" ముందు మాటకు తోకలా అతుక్కుని వస్తాయి. "వాన వచ్చింది కాబట్టి" అన్నాక ఊపిరి తీసుకుంటాం. ఇంగ్లీషులో బికాజ్ తర్వాత రాబోయేదానికి చెందుతుంది. దాన్ని వెనక వదిలేసి ఆగితే, మాట మరిచిపోయి వెతుక్కుంటున్నారని వినేవాళ్లు అనుకుంటారు. ఫర్, విత్, టు లాంటివీ అంతే. మన "కోసం", "తో", "కి" పేరు వెనక వస్తాయి, అవి పేరు ముందు వస్తాయి. అందుకే పైన "హ్యాండ్" తర్వాత గీత పెట్టి, "విత్" నుంచి కొత్త ఊపిరితో మొదలుపెట్టించాను. మొదట్లో ఆ అమ్మాయి "విత్" దగ్గరే ఆగింది. గీత దగ్గర వేలితో బల్ల మీద తట్టమన్నాను. అలా చదవగా చదవగా అలవాటు పడింది.

మూడు గీతల మౌనం అన్నిటికన్నా కష్టం. మైకు ముందు మూడు లెక్కపెట్టడమంటే మూడు నిమిషాల్లా అనిపిస్తుంది. కానీ "లిటిల్ ఫింగర్ వర్క్‌డ్" అనగానే ఆఫీసు వాళ్లకు ఆ రోజు గుర్తొచ్చి నవ్వుతారు. ఆ నవ్వు మీద తర్వాతి వాక్యం పడితే రెండూ పోతాయి. నవ్వు తగ్గడం మొదలైనప్పుడు నోరు తెరవాలి, పూర్తిగా ఆగేదాకా చూడక్కర్లేదు.

గొంతు పూడుకుపోయే వాక్యం ఏదో ముందే తెలుసుకోవాలి. ఈ ప్రసంగంలో అది "వుయ్ జస్ట్ సా యూ". ఇంట్లో చదివిన ప్రతిసారీ ఆమె అక్కడే తడబడింది. దాన్ని చివర్లో పెట్టకుండా నడుమ ఉంచింది అందుకే. తర్వాత మౌనం ఉంది, మంచినీళ్లు తాగవచ్చు, స్నేహితురాలి మొహం చూడవచ్చు. చివరి వాక్యాలు తేలికపాటివి కాబట్టి గొంతు తిరిగి వస్తుంది. ఏడుపు వస్తుంటే మాటలు మింగుతూ తొందరగా ముగించేస్తారు చాలామంది. ఆగిపోవడమే మంచిది. ఆ హాల్లో ఉన్నవాళ్లంతా అయినవాళ్లే, ఎదురుచూస్తారు.

మామూలుగా వేదిక మీద ఇంగ్లీషులో నిమిషానికి 120 నుంచి 150 మాటల దాకా పలుకుతారు. మేం రాసుకున్నవి దాదాపు 100 మాటలే. మౌనాలతో కలిపి నిమిషమున్నర పట్టింది. శాలువా కప్పడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది.

ఈ వేసవిలో మీకూ అలాంటి మైకు ముందు నిలబడాల్సిన పని పడితే, వెళ్లిపోతున్న మనిషి చేసిన పని ఒకటి ముందు తెలుగులో చెప్పుకోండి. తర్వాత దాన్ని ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా రాసి, గీతలు పెట్టుకుని, నిలబడి పైకి చదవండి. ముందురోజు రాత్రి మాత్రం కొత్త వాక్యం ఏదీ చేర్చకండి.