అంచు గీత దగ్గర ఆగే కన్ను

వయొలిన్ ఫొటో చూసే నిపుణుడు లోపలి చీటీని తొందరపడి నమ్మడు. ప్రసిద్ధ వయొలిన్ తయారీదారు స్ట్రాడివారి పేరున్న చీటీలను ఫ్యాక్టరీ వాయిద్యాల్లో వేలకొద్దీ అంటించారు మరి. అతని చూపు అంచు వెంట సాగే నల్లగీత మీద ఆగుతుంది. చేతిపనిలో అది గీత కాదు. సన్నని గాడి తవ్వి నలుపు, తెలుపు, నలుపుగా పొదిగిన మూడు చెక్కపేళ్లు. మూల దగ్గర అవి కలిసి తేనెటీగ ముల్లులా మొనదేలతాయి. చవక నకలులో దాన్ని రంగుతో గీసేస్తారు. గడ్డం ఆనేచోట వార్నిష్‌తో పాటు ఆ గీతా చెరిగిపోతుంది. పొదిగిన పేడు చెక్కలో నిలిచే ఉంటుంది. అయితే కొన్ని ఫ్యాక్టరీలూ పేళ్లు పొదుగుతాయి. అందుకే పొదుగు కనిపించినా అతను తృప్తిపడక, ఏటవాలు వెలుతురులో తీసిన మూలల ఫొటోలు నాలుగూ అడుగుతాడు.