పన్నెండు మార్కులు ఎక్కడెక్కడ పడతాయి?

‘కేంద్ర బ్యాంకు పాలసీ వడ్డీ రేటు తగ్గిస్తే దేశంలో వాస్తవ ఉత్పత్తి తప్పకుండా పెరుగుతుందా? పరిశీలించి మీ నిర్ణయం చెప్పండి.’ ప్రశ్న పక్కన బ్రాకెట్లో 12 మార్కులు. కేంబ్రిడ్జి ఇంటర్నేషనల్ ఏఎస్ స్థాయి అర్థశాస్త్రంలో రెండో పేపరు వ్యాస ప్రశ్న ఇలాగే ఉంటుంది. అందులో మొదటి భాగానికి ఎనిమిది మార్కులు, రెండో భాగానికి పన్నెండు. ఈ పరీక్షకు హైదరాబాద్‌లోని కొన్ని బడుల్లో కూడా పిల్లల్ని తయారు చేస్తున్నారు. పై ప్రశ్న నేను తయారు చేసుకున్నది. దానికి నేను రాసుకున్న స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌ను మాత్రం ఆ పరీక్ష పద్ధతిలోనే కట్టాను.

మన ఇంటర్మీడియట్‌లో పది మార్కుల వ్యాస ప్రశ్న రాసి వచ్చిన పిల్లలు ఈ పద్ధతి చూసి తడబడతారు. అక్కడ సైడ్ హెడింగులు, నిర్వచనం, పటం, అయిదారు పాయింట్లు ఉంటే దిద్దేవారి చేయి సాఫీగా నడుస్తుంది. ఇక్కడ పాయింట్లు లెక్కపెట్టరు. పన్నెండులో ఎనిమిది మార్కులు విషయ పరిజ్ఞానానికి, విశ్లేషణకు. మిగిలిన నాలుగూ మూల్యాంకనానికి, అంటే రెండు వైపులా తూచి ఒక నిర్ణయానికి రావడానికి. ఎనిమిదిని మూడు స్థాయిలుగా విడగొడతారు: ఒకటి రెండు మార్కులది మొదటిది, మూడు నుంచి అయిదు రెండోది, ఆరు నుంచి ఎనిమిది మూడోది. నాలుగు మార్కుల భాగంలో రెండే స్థాయిలు, ఒక్కోదానికి రెండేసి మార్కులు. దిద్దేవారు జవాబు మొత్తం చదివి, అది ఏ స్థాయి వర్ణనకు ఎక్కువగా సరిపోతుందో ముందు తేల్చుకుంటారు. ఆ స్థాయిలో పైమెట్టా, కిందిమెట్టా అన్నది తర్వాతి మాట. అర మార్కులు ఉండవు. తప్పు రాశారని కోత పెట్టరు, ఉన్నదానికే మార్కు వేస్తారు.

పన్నెండులోని ఈ ఎనిమిది మార్కుల భాగాన్ని ఒక జవాబుతో చూద్దాం. పరీక్ష ఇంగ్లిషులోనే అయినా, విద్యార్థి రాసే ధోరణి తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘రెపో రేటు తగ్గితే బ్యాంకులకు ఆర్‌బీఐ దగ్గర డబ్బు చౌకగా దొరుకుతుంది. అందువల్ల వడ్డీ రేట్లు తగ్గుతాయి. ప్రజలు ఎక్కువ ఖర్చు పెడతారు. సమష్టి డిమాండు పెరుగుతుంది. జీడీపీ పెరుగుతుంది.’

ఇందులో తప్పని కొట్టేయాల్సిన వాక్యం ఒక్కటీ లేదు. అయినా దీనికి నేను నాలుగు వేస్తాను, అంటే రెండో స్థాయి మధ్యమెట్టు. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి వెళ్లడానికి ఆధారం ఇవ్వకపోవడమే కారణం. వడ్డీ తగ్గితే ఎవరు ఎక్కువ ఖర్చు పెడతారు, ఎందుకు పెడతారు? ఆ ‘ఎందుకు’కే మూడో స్థాయి. మార్కుల పథకంలో పరిపూర్ణ విశ్లేషణ అన్నప్పుడు అడిగేది ఈ కారణాల గొలుసునే.

అదే విద్యార్థి ఇలా రాస్తే? ‘పాలసీ రేటు తగ్గితే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్కరోజుకు ఇచ్చుకునే అప్పుల రేటు దాని వెంటే దిగుతుంది. అక్కడి నుంచి బ్యాంకులు కస్టమర్ల దగ్గర వసూలు చేసే వడ్డీ తగ్గుతుంది. కొత్తగా యంత్రం కొనాలనుకునే సంస్థకు అప్పు ఖర్చు తగ్గుతుంది కాబట్టి, నిన్నటిదాకా గిట్టుబాటు కాని ప్రాజెక్టు ఇప్పుడు గిట్టుబాటవుతుంది, పెట్టుబడి పెరుగుతుంది. ఇల్లు కొన్నవారి నెలవారీ వాయిదా తగ్గితే చేతిలో మిగిలే ఆదాయం పెరిగి వినియోగం పెరుగుతుంది. వినియోగం, పెట్టుబడి రెండూ సమష్టి డిమాండులో భాగాలు కనుక ఆ రేఖ కుడివైపుకు జరుగుతుంది.’ దీనికి ఏడు. పటం గీసి, నిలువు అక్షం మీద సాధారణ ధరల మట్టం, అడ్డం అక్షం మీద వాస్తవ ఉత్పత్తి అని రాసి, పటంలోని మార్పును వాక్యంలో వివరిస్తే ఎనిమిది. పటానికి విడిగా మార్కు లేదు. కానీ అక్షాల మీద ఉత్త ‘ధర’, ‘పరిమాణం’ అని రాస్తే అది ఒక వస్తువు మార్కెట్ పటం అవుతుంది. విద్యార్థికి స్థూల అర్థశాస్త్రం, సూక్ష్మ అర్థశాస్త్రం కలిసిపోయాయని దిద్దేవారికి అక్కడే తెలిసిపోతుంది.

మొదటి జవాబులోని తొలి వాక్యం దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆర్‌బీఐ దగ్గర తెచ్చే అప్పు బ్యాంకు నిధుల్లో చాలా చిన్న పాలు. నిధుల్లో సింహభాగం మనలాంటివాళ్లం దాచుకున్న డిపాజిట్లే. రెపో పనిచేసేది ముఖ్యంగా ఒక్కరోజు రుణాల మార్కెట్‌కు లంగరులా నిలిచి. ఈ సంగతి తెలిసిన విద్యార్థికి నాలుగు మార్కుల మూల్యాంకనం దానంతటదే దొరుకుతుంది. మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒప్పుకున్న వడ్డీని, పాలసీ రేటు తగ్గిందని బ్యాంకు మధ్యలో తగ్గించలేదు. తన ఖర్చు దిగకుండా అప్పుల మీద వడ్డీ దించడానికి బ్యాంకు వెనకాడుతుంది. 2016 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఎంసీఎల్‌ఆర్ పద్ధతిలో బ్యాంకు తన సొంత నిధుల ఖర్చు చూసుకుని రేటు కడుతుంది కాబట్టి రెపో కోత అప్పుదారుడికి నెమ్మదిగా చేరింది. అందుకే 2019 అక్టోబర్ 1 నుంచి కొత్త ఫ్లోటింగ్ రేటు గృహ రుణాలు, చిన్న సంస్థల రుణాలు బయటి ప్రమాణానికి ముడిపెట్టాలని, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలని ఆర్‌బీఐ ఆదేశించింది. చాలా బ్యాంకులు ఆ ప్రమాణంగా రెపోనే పెట్టుకున్నాయి.

మరి రెపోకు ముడిపడిన రుణంలో ప్రసరణ పూర్తయినట్టేనా? లెక్క కట్టి చూద్దాం. 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లలో ఆర్‌బీఐ రెపోను 6.50 నుంచి 6.25కు, తర్వాత 6కు, ఆపై 5.50 శాతానికి దించింది. మొత్తం ఒక శాతం పాయింటు. 30 లక్షల గృహ రుణం, 20 ఏళ్ల గడువు, 9 శాతం వడ్డీ ఉన్న కుటుంబానికి నెల వాయిదా దాదాపు 26,990 రూపాయలు. కోత మొత్తం చేరి వడ్డీ 8 శాతమైతే వాయిదా 25,090 దగ్గరికి దిగుతుంది, నెలకు 1,900 మిగులు. కానీ బ్యాంకు వాయిదా తగ్గించకుండా పాత మొత్తాన్నే కట్టించుకుని గడువు తగ్గిస్తే, 240 నెలల రుణం దాదాపు 203 నెలల్లో తీరిపోతుంది. అది కుటుంబానికి మంచి బేరమే. అయితే ఈ నెల చేతిలో మిగిలింది సున్నా. ‘చేతిలో మిగిలే ఆదాయం పెరిగి వినియోగం పెరుగుతుంది’ అన్న కొక్కెం అక్కడే ఊడిపోతుంది. రేటు పూర్తిగా దిగినా ఖర్చు ఇప్పుడు పెరగదు. ఈ తేడాను పట్టుకుని రాసిన విద్యార్థి ఎనిమిది మార్కుల భాగంలో తాను కట్టిన గొలుసును తనే పరీక్షిస్తున్నాడు. మూడు మార్కులు అలాంటి పరిశీలనకే పడతాయి.

దీనికి భిన్నంగా ఎక్కువ మంది రాసే మూల్యాంకనం ఇలా ఉంటుంది: ‘అయితే ద్రవ్య విధానానికి కాల విలంబన ఉంటుంది. ప్రజల నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. కోశ విధానం కూడా కావాలి.’ ఇవన్నీ పుస్తకంలో ఉన్న మాటలే, ఏ ప్రశ్నకైనా అతుకుతాయి. ఒక్కదాన్నీ విప్పి చెప్పలేదు. ఇది మొదటి స్థాయి, ఒక మార్కు. ఏ కొక్కెం దగ్గర కాల విలంబన, ఎవరి నమ్మకం అని చెప్పకుండా ఎన్ని పరిమితులు పేర్చినా పైస్థాయికి పోదు. ఇక ఒకే వైపు వాదించి, రేటు తగ్గితే ఉత్పత్తి పెరిగి తీరుతుందని ముగిస్తే, విశ్లేషణ ఎంత బాగున్నా ఈ స్కీమ్‌లో మూల్యాంకనానికి సున్నాయే.

నాలుగో మార్కు అన్నిటికన్నా కష్టం. ఒక విద్యార్థి 2020ని ఉదాహరణగా తీసుకున్నాడనుకుందాం. ఆ ఏడాది మార్చి 27న, మే 22న ఆర్‌బీఐ రెపోను 5.15 నుంచి 4 శాతానికి దించింది. 2020-21లో జీడీపీ పెరగకపోగా కుంచించుకుపోయింది. ‘కాబట్టి ద్రవ్య విధానం పనిచేయదు’ అని అతను తేల్చేశాడు. ఉదాహరణ నిజమైనది, సందర్భానికి తగినది. కానీ ఆ నిర్ణయాన్ని అది మోయలేదు. లాక్‌డౌన్‌లో దుకాణాలు, కర్మాగారాలు మూతపడ్డాయి. అప్పు చౌకయినా కొనడానికి, తయారు చేయడానికి దారి లేకపోయింది. కోత లేకపోతే పతనం ఎంత లోతుగా ఉండేదో ఆ ఒక్క అంకె చెప్పదు. ఈ జవాబుకు నేను రెండే వేస్తాను. ‘సంస్థల దగ్గర వాడని యంత్ర సామర్థ్యం ఉండి, అమ్మకాలు జరుగుతాయన్న ఆశ ఉన్నప్పుడు కోత ఉత్పత్తిని పెంచుతుంది. 2020లో రెండో షరతు లేదు. ఆర్థిక వ్యవస్థ పూర్తి సామర్థ్యానికి దగ్గరగా ఉంటే, అదే కోత ఉత్పత్తిని వదిలేసి ధరలను పెంచుతుంది. అందువల్ల తప్పకుండా అనడానికి వీల్లేదు’ అని రాసి ఉంటే నాలుగూ ఇచ్చేదాన్ని. ప్రశ్నలోని ‘తప్పకుండా’, ‘వాస్తవ ఉత్పత్తి’ రెండింటికీ అందులో జవాబుంది. చాలామంది రెండో మాటను మరిచిపోయి డిమాండు పెరుగుతుందా లేదా అన్నదాని దగ్గరే ఆగిపోతారు.

ఈ స్థాయిల పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచకూడదు. ఆరుకూ ఏడుకూ మధ్య గీత దిద్దేవారి కంటిలోనే ఉంటుంది. పాయింటుకో మార్కు వేస్తే ఇద్దరు దిద్దినా తేడా తక్కువ వస్తుంది. ఇక్కడ ఒక మార్కు అటూ ఇటూ కావడం సహజం. అందుకే మార్కులు వేయడానికి ముందు దిద్దేవాళ్లంతా అవే నమూనా జవాబులు దిద్ది, మార్కులు పోల్చుకుని, చేతులు ఒక దారికి తెచ్చుకోవాలి. అది చేయకుండా స్కీమ్ కాగితాన్ని మాత్రం అందరికీ పంచితే, ఒకే జవాబుకు ఒకరు అయిదు, ఇంకొకరు ఏడు వేస్తారు, స్థాయే మారిపోతుంది. ఇంత కష్టం ఉన్నా నేను ఈ పద్ధతి వైపే నిలబడతాను. పాయింట్లు లెక్కపెడితే, పైన చెప్పిన అయిదు వాక్యాల జవాబు, కారణాలతో కట్టిన జవాబు దాదాపు సమానమైపోతాయి. రెండోదాన్ని రాసిన పిల్ల గృహ రుణం వాయిదా తగ్గలేదని ఇంట్లో ఎవరైనా అడిగితే గడువు సంగతి చూడమని చెప్పగలదు. మొదటిదాన్ని బట్టీ పట్టిన పిల్లకు ఆ ప్రశ్న ఎక్కడిదో కూడా తెలియదు.

ఇక ఈ రెండు భాగాలూ ఒకే పత్రంలోవి అనుకుంటే మొత్తం: కారణాల గొలుసు ఉండి పటం లేని విశ్లేషణకు ఏడు, 2020 ఉదాహరణతో తొందరపడిన మూల్యాంకనానికి రెండు. పన్నెండుకు తొమ్మిది. పోయిన మూడింటిలో ఒకటి పటం దగ్గర, రెండు ‘పనిచేయదు’ అన్న ఆ ఒక్క మాట దగ్గర పోయాయి.