మొహమాటం లేకుండా ఒక మంచి మాట అడగడం

తెలుగు ఊళ్లలో ఇల్లు కట్టించుకున్నవారు గృహప్రవేశం నాడు మేస్త్రీకీ వడ్రంగికీ కొత్త బట్టలు పెట్టి, తాంబూలం ఇచ్చి పంపడం ఆనవాయితీ. భోజనాలకు వచ్చిన చుట్టాలు సింహద్వారం చెక్కడాన్ని తడిమి చూసి, ఎవరు చేశారని అడుగుతారు. యజమాని వడ్రంగిని పిలిచి చూపిస్తాడు. అతను తన గురించి ఒక్క ముక్క చెప్పుకోనక్కర్లేదు. పని కళ్లెదుటే ఉంటుంది, దాని గురించి మాట్లాడేది చేయించుకున్న మనిషి. తర్వాతి పని చాలాసార్లు ఆ వాకిట్లోనే కుదురుతుంది.

అపార్ట్‌మెంట్లలో వుడ్‌వర్క్ చేసే ఇంటీరియర్ కాంట్రాక్టర్‌కు ఈ అవకాశం తక్కువ. కప్‌బోర్డులు బిగించి, తాళాలు అప్పగించి, చివరి వాయిదా ఫోన్‌లో అందుకుంటే ఆ ఇంటితో అతని సంబంధం తెగిపోయినట్టే. మంచి మాట కావాలంటే అతనే అడగాలి. అడగడం తెలియక చాలామంది పని ముగిసిన సాయంత్రమే వాట్సాప్‌లో ఒక లింకు పెట్టి, ‘థ్యాంక్యూ సార్, ఫైవ్ స్టార్ ఇవ్వండి’ అని పంపుతారు. ధన్యవాదం అందులో అడగడానికి వేసిన ముసుగులా కనిపిస్తుంది. ఎన్ని నక్షత్రాలివ్వాలో కూడా అతనే తేల్చేశాడు. పైగా ఆ అలమరాల్లో ఇంకా బట్టలే సర్దలేదు. మొహమాటం కొద్దీ క్లయింటు ‘గుడ్ వర్క్, నైస్ టీమ్’ అని రాసి ఊరుకుంటారు. ఆ నాలుగు మాటలు ఏ ఇంటికైనా సరిపోతాయి కాబట్టి చదివినవారికి ఏమీ చెప్పవు.

అందుకే అడిగే పద్ధతిలో అసలు నేర్పంతా క్లయింటు మొహమాటాన్ని తీసేయడంలోనే ఉంది. విజయవాడలో ఒక రెండు పడకగదుల ఫ్లాటును ఊహించుకుని, చివరిదాకా ఆ పని వెంటే నడిచి చూద్దాం. ఇంటావిడ స్కూల్లో టీచరు. వంటగది, రెండు వార్డ్‌రోబ్‌లు, హాల్లో టీవీ యూనిట్, ఒక పూజామందిరం ఇవీ ఒప్పుకున్న పనులు.

ముందు పని ముగియాలి

కాంట్రాక్టర్ దృష్టిలో ముగిసిన పని, ఇంటివారి దృష్టిలో చాలాసార్లు ముగిసి ఉండదు. ఒక తలుపు పక్కదానికంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. సింకు పక్క ప్లైవుడ్ అంచుకు అతికించిన పట్టీ ఒక మూల లేచి ఉంటుంది. లామినేట్ మీద గమ్ము మరక మిగిలి ఉంటుంది. ఇవి చిన్నవే. అయినా ఆవిడ రోజూ చూసేది వాటినే. ఇలాంటివి నాలుగు మిగిలి ఉండగా మంచి మాట అడిగితే, పూర్తికాని పనికి సర్టిఫికెట్ అడిగినట్టు ఉంటుంది.

కాబట్టి అప్పగించే రోజు ఇంటావిడతో కలిసి గదిగదికీ తిరగాలి. ప్రతి తలుపూ తీసి వేసి, ప్రతి డ్రాయరూ పూర్తిగా లాగి చూడాలి. ఆవిడ చెప్పిన లోపాలన్నీ కాగితం మీద రాసుకుని, ఏది ఏ రోజుకు సరిచేస్తారో అక్కడే చెప్పాలి. అవి సరిచేశాకే చివరి బిల్లు. హింజ్‌ల, డ్రాయర్ చానళ్ల వారంటీ కాగితాలు, వాడిన లామినేట్ నంబర్లు ఒక కవరులో పెట్టి ఇవ్వాలి. రేపు ఒక షీటు పాడైతే అదే రంగు దొరకడానికి ఆ నంబరే ఆధారం.

ధన్యవాదం ఒక్కటే, దానితో ఏమీ వద్దు

డబ్బు అందాక, ఒకటి రెండు రోజుల్లో ధన్యవాదం చెప్పాలి. డబ్బు అందకముందు చెబితే బాకీ గుర్తుచేసినట్టు ఉంటుంది. ఆ సందేశంలో ఇంకే కోరికా ఉండకూడదు. రివ్యూ లింకు, ‘మీ ఫ్రెండ్స్‌కు చెప్పండి’ అన్న మాట, దుకాణం బొమ్మ ఏవీ వద్దు. వాటిలో ఏది చేరినా పైన రాసిన ధన్యవాదం మీద నమ్మకం పోతుంది.

మరి ఏం రాయాలి? ఆ క్లయింటు చేసిన ఏ పని వల్ల మన పని బాగా వచ్చిందో వెతికి, అదొక్కటి రాయాలి. ‘మీతో పనిచేయడం ఆనందంగా ఉంది’ అన్న మాట ఎవరికైనా పంపవచ్చు. ఇది మాత్రం ఆ టీచరు గారికి తప్ప ఇంకెవరికీ పంపలేం:

‘నమస్తే మేడం. మీ పప్పుల డబ్బాలు, ఇడ్లీ పాత్ర మీరే కొలిచి కాగితం మీద రాసి ఇచ్చారు. కింది డ్రాయర్ల ఎత్తు దాన్నిబట్టే పెట్టాం. ఆ కాగితం లేకపోతే మామూలు సైజులో చేసేవాళ్లం, మీ పాత్రలు పట్టేవి కావు. మా కార్పెంటర్లకు రోజూ మధ్యాహ్నం మజ్జిగ ఇచ్చిన సంగతి కూడా వాళ్లు చెప్పారు. చాలా థ్యాంక్స్ మేడం. తలుపుల్లో తేడా ఏమైనా వస్తే ఇదే నంబరుకు ఫోన్ చేయండి.’

ఇలా రాయడానికి చాలామంది సంకోచిస్తారు. అతిగా ఉంటుందేమో, వాళ్లకు ఎబ్బెట్టుగా అనిపిస్తుందేమో అనుకుంటారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు 2018లో ఈ సంకోచం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరిచేత వాళ్లకు మేలు చేసినవారికి కృతజ్ఞతా లేఖలు రాయించి, అవి అందుకున్నవారిని కూడా అడిగారు. రాసినవాళ్లు ఊహించినదానికంటే అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషించారు, ఊహించినంత ఇబ్బంది పడలేదు. పనివాడి నుంచి వచ్చిన సూటైన ధన్యవాదం గురించి బెంగ అక్కర్లేదు.

అడగడానికి వేళ

వంటగది గురించి నమ్మదగిన మాట రావాలంటే అందులో వంట జరగాలి. నాలుగు వారాలు గడిస్తే ఆవిరి, నూనె, బరువైన పాత్రలు అన్నీ ఆ చెక్కను పరీక్షించేస్తాయి. సామాన్లు నిండాక కొన్ని తలుపులు కాస్త వాలడం కూడా మామూలే. హింజ్ మీద ఉన్న స్క్రూలు తిప్పి వాటిని సరిచేయవచ్చు. అందుకని నెల తర్వాత ఒకసారి పిలవకుండానే వెళ్లి, తలుపులు సరిచేసి రావడం మంచి కాంట్రాక్టర్లు పాటించవలసిన అలవాటు. పావుగంట పని, దానికి డబ్బు తీసుకోకూడదు.

సాధారణంగా ఆ పావుగంటలోనే ఇంటివారు తమంతట తాము ఏదో ఒకటి అంటారు. ‘మా అత్తగారు పండక్కి వచ్చారు. మోకాళ్ల నొప్పులు కదా, కింది అరల్లోకి వంగక్కర్లేకుండా డ్రాయరు లాగితే అన్నీ పైకి కనిపిస్తున్నాయని చాలా మెచ్చుకున్నారు’ అని ఆవిడ అన్నారనుకుందాం. అడగాల్సిన క్షణం అదే. ‘మేడం, ఇప్పుడు మీరన్నది నాలుగు ముక్కలు రాసి పంపితే, ఇంట్లో పెద్దవాళ్లున్న వేరేవాళ్లకు చూపిస్తాను. వీలైతేనే’ అంటే చాలు. ఆవిడ కొత్తగా పొగడాల్సిన పని లేదు, అన్న మాటనే కాగితం మీద పెట్టాలి. ఆవిడ ఆ రోజు మంచి మాట ఏదీ అనకపోయినా, ఒక ఫిర్యాదు చెప్పినా రివ్యూ సంగతి ఎత్తకుండా, ఫిర్యాదు ఉంటే సరిచేసి రావాలి. మరమ్మతు చేసిన నిమిషంలో రివ్యూ అడిగితే అది కూలీ అడిగినట్టే.

రాతలో ఎలా అడగాలి

ఇంటికి వచ్చాక సాయంత్రం ఒక సందేశం పంపాలి. ‘మా పని గురించి రాయండి’ అంటే ఎవరికీ ఏం రాయాలో తోచదు. మూడు చిన్న ప్రశ్నలు ఇస్తే రాయడం తేలికవుతుంది:

‘మేడం, పొద్దున అన్నాను కదా. వీలున్నప్పుడు ఈ మూడింటికి రెండేసి వాక్యాలు రాస్తే చాలు. మాకు పని ఇచ్చేముందు మీకున్న అనుమానం ఏమిటి? ఇప్పుడు రోజూ ఎక్కువగా ఉపయోగపడుతున్నది ఏది? మేం ఇంకా బాగా చేయాల్సింది ఏముంది? మీరు రాసింది మా పేజీలో పెట్టేముందు మీకు చూపిస్తాను. పేరు వద్దంటే టీచరు, విజయవాడ అని మాత్రమే వేస్తాను. కుదరకపోతే ఏమీ అనుకోను మేడం.’

మొదటి ప్రశ్న వల్ల కొత్త క్లయింటుకు తన అనుమానమే ఎదురుగా కనిపిస్తుంది. మూడో ప్రశ్న వల్ల రాసేవారికి నిజం చెప్పే స్వేచ్ఛ వస్తుంది. చివరి వాక్యం మర్యాద కోసం మాత్రమే పెట్టింది కాదు. నికొలస్ గెగెన్, అలెగ్జాండర్ పాస్కల్ అనే ఫ్రెంచి పరిశోధకులు 2000లో చేసిన ప్రయోగంలో, దారిలో వెళ్లేవారిని బస్సు చార్జీకి చిల్లర అడుగుతూ ‘ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం’ అని చేర్చినప్పుడు ఇచ్చినవారి సంఖ్య బాగా పెరిగింది. కాదనే దారి తెరిచి ఉంటే ఔననడం తేలిక. ఆ మాట అన్నాక దానికి కట్టుబడాలి. పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయవచ్చు. ఆపైన మౌనమే మర్యాద.

వచ్చిన మాటను ఏం చేయాలి

టీచరు గారు ఇలా రాశారనుకుందాం: ‘వేరే ఫ్లాట్లలో పనివాళ్లు సగంలో వదిలేశారని విని భయపడ్డాను. వీళ్లు చెప్పిన తేదీకి తొమ్మిది రోజులు ఆలస్యం చేశారు, కానీ ఆలస్యమవుతుందని వారం ముందే ఫోన్ చేసి చెప్పారు. డ్రాయర్లు లోతుగా చేయడం వల్ల మా అత్తగారికి వంగే బాధ తప్పింది.’

ఆలస్యం మాట తీసేయాలన్న ఆశ కలుగుతుంది. తీయకూడదు. సగంలో వదిలేస్తారేమోనని భయపడే తర్వాతి క్లయింటుకు ధైర్యమిచ్చేది ఆ వాక్యమే. అక్షరదోషాలు దిద్దవచ్చు, పొడవు తగ్గించవచ్చు, అయితే తగ్గించినది ఆవిడకు చూపించి సరేననిపించుకోవాలి. కొందరు తీరిక లేక ‘మీరే రాసి పంపండి, నేను ఓకే చేస్తాను’ అంటారు. అప్పుడు కూడా మన మాటలు పెట్టకూడదు. పని జరిగిన రోజుల్లో వాళ్లు వాట్సాప్‌లో అన్న మాటలే ఏరి, వరుసగా పేర్చి, చూపించాలి.

గూగుల్ మ్యాప్స్‌లో పెట్టే రివ్యూల సంగతి కొంచెం వేరు. అక్కడ రివ్యూకు బదులుగా డబ్బు, తగ్గింపు, కానుక ఇవ్వడం గూగుల్ నియమాలకు విరుద్ధం. మెచ్చుకున్నవారినే ఏరి లింకు పంపి, నచ్చనివారిని తప్పించడం కూడా అంతే. లింకు పంపితే పని చేయించుకున్న అందరికీ పంపాలి. మన దేశంలోనూ భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతూ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. సొంత పేజీలో నచ్చిన నాలుగు మాటలు ఎంచి పెట్టుకోవచ్చు, కానీ ప్రతి మాట వెనకా నిజమైన ఇల్లు, ఆ ఇంటివారి అనుమతి ఉండాలి.

ఈ పద్ధతిలో అడిగితే పది ఇళ్లలో నాలుగైదు ఇళ్లే బదులివ్వవచ్చు. మొహమాటపెట్టి తెచ్చుకున్న పది పొడిమాటల కంటే ఆ నాలుగే ఎక్కువ పని తెస్తాయి. మీ చేతిలో ఈ వారం ముగియబోయే పని ఉంటే, ముందు ఆ క్లయింటు మీకు చేసిన మేలు ఒకటి గుర్తుచేసుకుని థ్యాంక్స్ చెప్పండి. రివ్యూ సంగతి వచ్చే నెల చూడవచ్చు.