ఎనిమిది పాయింట్లా, పాయింట్ ఎనిమిదా?

ఉద్దానంలో ఒక జీడితోట రైతు మాట్లాడిన గంట రికార్డింగును రాతలో పెడుతున్నాను. ఇలాంటి పనికి నాకు ఒక పగలంతా పడుతుంది. కష్టం యాస దగ్గర తక్కువ, ఇంగ్లీషు దగ్గరే ఎక్కువ. కిడ్నీ జబ్బు గురించి మాట్లాడేటప్పుడు టెస్టు, రిపోర్టు, డయాలసిస్ లేకుండా వాక్యం నడవదు మరి.

"కిడ్నీలు పాడైపోనాయి బాబూ" అన్నాడాయన. మన చెయ్యి ఊరుకోదు, 'మూత్రపిండాలు పాడైపోయాయి' అని రాసేస్తుంది. అలా రాస్తే అది మన వ్యాసం అవుతుంది, ఆయన మాట కాదు. 'టెస్టుకెల్లినాను' అంటే అలాగే, ఒకే మాటగా, తెలుగు అక్షరాల్లోనే ఉండాలి. తెలుగు తోక తగిలించుకున్న మాటను మళ్లీ ఇంగ్లీషు లిపిలోకి నెట్టకూడదు. మధ్యలో పట్నంలో చదువుకున్న ఆయన కొడుకు అందుకుని రెండు వాక్యాలు పూర్తిగా ఇంగ్లీషులోనే చెప్పాడు. వాటిని మాత్రం రోమన్ అక్షరాల్లో పెట్టాను. తెలుగులో రాస్తే చదివేవాళ్లు కూడబలుక్కోవాలి. గిరీశాన్ని పుట్టించిన విజయనగరం పక్కనే ఉండి ఈ కలగలుపుకి ఉలిక్కిపడనక్కర్లేదు. గిరీశం ఇలా ఇంగ్లీషు కలిపి మాట్లాడే కన్యాశుల్కం అచ్చయింది 1897లోనే.

అసలు చిక్కు అంకెల్లో వచ్చింది. "కిరాటిని ఎనిమిది పాయింట్లుందని సెప్పీసినారు, బేగి ఇసాపట్నం ఎల్లిపోమన్నారు" అన్నాడు. కిరాటిని అంటే క్రియాటినిన్. మన ఊళ్లలో 'ఎనిమిది పాయింట్లు' అంటే నిండుగా ఎనిమిది. 'పాయింట్ ఎనిమిది' అంటే 0.8, అంటే మామూలు మనిషి రక్తంలో ఉండేంత. ఎనిమిదైతే డయాలసిస్ మాట వచ్చేస్తుంది. ఆయన గొంతు తగ్గించి, 'లు' మింగేసి చెప్పాడు. పరధ్యానంగా విన్నవాళ్లు 0.8 అని రాసేస్తే, రోగి కాస్తా ఆరోగ్యవంతుడైపోతాడు!

ఇలాంటి చోట వేగాన్ని మూడొంతులకు తగ్గించి వింటాను. ఆ తర్వాత ముందూ వెనకా వాక్యాలు చూస్తాను. 0.8 ఉన్నవాణ్ని బేగి విశాఖపట్నం పొమ్మని ఎవరూ అనరు కదా. అయినా అది ఊహే, రుజువు కాదు. అందుకే ఆయన మాటను అన్నది అన్నట్టే ఉంచి, పక్కన చదరపు బ్రాకెట్లో [క్రియాటినిన్ 8? రిపోర్టు చూడాలి] అని పెట్టి, నిమిషం, సెకను వేశాను. అసలు వినబడని చోట మాత్రం ఊహ కూడా రాయను. 'వినబడలేదు' అని రాసి సమయం వేస్తాను, అంతే.

రికార్డింగులు పట్టుకొచ్చే కుర్రాళ్లకు ఒక మనవి. మాటలయ్యాక, ఆ మనిషిని అడిగి, రిపోర్టు కాగితాన్ని పేరు కనబడకుండా ఫోటో తీసి తెండి. మందుల చీటీ కూడా. అంకెలూ మందుల పేర్లూ చెవిని నమ్మి రాసేవి కావు.