పన్ను కట్టేదెవరు?

హాస్యవ్యాసం ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు శ్లేష దగ్గర ఫుట్‌నోట్ కనిపిస్తే నాకు నీరసం వస్తుంది. వివరణ చదివాక జోకు అర్థమవుతుంది కానీ నవ్వు రాదు. అలాగని ఆ వాక్యాన్ని ఎత్తేయమనీ అనను. ముందు ఆ శ్లేష వ్యాసంలో ఏం పని చేస్తోందో చూడాలి.

నేనే కట్టిన ఒక ఉదాహరణ చూద్దాం. 'ఈ నెల పన్ను కట్టాలి. ప్రభుత్వానికి నేను కట్టాలి, నాకు డాక్టరు కట్టాలి.' ఇక్కడ 'పన్ను' ఒక్కటే కాదు, 'కట్టడం' కూడా రెండు వైపులా పనిచేస్తోంది. ఇంగ్లీషులో టాక్స్‌కీ టూత్‌కీ చుట్టరికం లేదు. ఉన్నదున్నట్టు అనువదిస్తే సంబంధం లేని రెండు ఖర్చుల జాబితా మిగులుతుంది.

చటుక్కున తట్టేది ఫైలింగ్, ఫిల్లింగ్. ఒకటి రిటర్న్‌కి, ఇంకోటి పంటికి. వినడానికి బాగానే ఉంది. కానీ ఫిల్లింగ్ అంటే పుచ్చిన పన్ను ఇంకా నోట్లోనే ఉన్నట్టు. మన వ్యాసంలో పన్ను ఊడిపోయింది. రెండు పేరాల తర్వాత రచయిత ఆ సందులోంచి గాలి పోతూ 'స' పలకలేక అవస్థపడుతుంటే, అనువాదం తన మాటను తనే కాదన్నట్టవుతుంది. ఎరువు తెచ్చుకున్న జోకు సరిపోయిందో లేదో ఆ వాక్యంలో తెలియదు, తర్వాతి పేరాల్లో తెలుస్తుంది.

అందుకని పన్ను ఊడిన నోరు, పన్ను కట్టే మనిషి, ఈ రెండూ ఉండే ఇంగ్లీషు మాట కోసం వెతకాలి. 'బ్రిడ్జ్' ఉంది. పంటి సందు మీద డాక్టరు కట్టేదీ బ్రిడ్జే, ఏటి మీద ప్రభుత్వం కట్టేదీ బ్రిడ్జే, రెండిటికీ డబ్బు మాత్రం రచయితదే. శ్లేష మారింది గానీ కథ చెడలేదు.

నష్టం లేకపోలేదు. మూలంలో రచయిత నవ్వుకున్నది తన జేబు మీద. బ్రిడ్జ్ రాగానే అది ప్రభుత్వం మీద చురకలా కూడా వినిపిస్తుంది. వ్యాసంలో మరెక్కడా ఆ ధోరణి లేకపోతే, నేనైతే ఈ వాక్యంలో జోకు వదిలేసి, ఇంగ్లీషు సహజంగా కలిసొచ్చే మరో చోట ఆ బాకీ తీరుస్తాను.

పేరులోనే శ్లేష ఉంటే ఈ మార్పిడి కూడా కుదరదు. ముళ్ళపూడి 'ఋణానందలహరి'లో అప్పులు చేసే అప్పారావు పేరు మారిస్తే మనిషే మారిపోతాడు. పేరు అలాగే ఉంచి, మొదటిసారి కనబడ్డప్పుడే అందులో అప్పుందని కథనంలోనే ఒక అరవాక్యంలో చెప్పెయ్యాలి. ఆ తర్వాత ప్రతి పేజీలోనూ గుర్తుచేయకూడదు. అప్పు ఇచ్చినవాడు కూడా అంతగా వెంటపడడు.